గొట్టం మాత్రలో మందు కానిది ఏముంది?

*మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. పుట్టుకతో శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. డాక్టరుగారు వారానికొకటి చొప్పున విటమిన్ డి 60,000 గొట్టం మాత్రలు ఎనిమిది రాశారు. మూడు వేసుకున్నాక, అది జెలటిన్ అనీ, జంతువుల ఎముకల నుంచి తీస్తారనీ ఎవరో చెప్పారట. మిగతావి పక్కన పడేశారు. "ఇన్నాళ్లూ తెలియక ఎన్ని మింగానో" అని రెండు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. మందుల మీద ఆకుపచ్చ చుక్క ఎందుకు వేయరు? ఇదే ఊపులో నాకూ టెన్షన్ మొదలైంది. నాకు పాలు పడవు, థైరాయిడ్ బిళ్లలో లాక్టోజ్ ఉంటుందట. మా అక్క కొడుక్కి గోధుమ పడని సీలియాక్ జబ్బు. మా తమ్ముడికి పసుపు రంగు నొప్పి బిళ్ల వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, రంగు వల్లే అంటున్నాడు. మందులు కొనేటప్పుడు ఏం చూడాలి?*
*— ఒక పాఠకురాలు, తెనాలి*

అమ్మా, ముందు మీ అత్తగారు పక్కన పడేసిన ఆ షీటు తీసుకురండి. వెనక్కి తిప్పి, మందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మొదటి లైను చదవండి. "ఈచ్ సాఫ్ట్ జెలటిన్ క్యాప్సూల్ కంటెయిన్స్" అని ఉంటుంది. అంటే ఆవిడకు ఎవరో చెప్పింది నిజమే. కంపెనీ ఏమీ దాచలేదు, రాసే పెట్టింది. మనమే ఎక్స్‌పైరీ డేటు, ధర చూసి షీటు మడిచేస్తాం.

మీ ప్రశ్నలో సగానికి ఆ ఒక్క లైనే జవాబు చెబుతుంది. "హార్డ్ జెలటిన్ క్యాప్సూల్" అన్నా, "సాఫ్ట్ జెలటిన్ క్యాప్సూల్" అన్నా పై తొడుగు జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్. మన దేశంలో ఎక్కువగా పశువుల ఎముకల నుంచి తీస్తారు, విదేశాల్లో పంది చర్మం కూడా వాడతారు. "హెచ్‌పీఎంసీ క్యాప్సూల్", "సెల్యులోజ్ క్యాప్సూల్", "వెజిటేరియన్ క్యాప్సూల్" అని ఉంటే తొడుగు మొక్కల పీచు నుంచి తయారైనది. హెచ్‌పీఎంసీకే హైప్రోమెల్లోజ్ అని ఇంకో పేరు. ఉత్త "క్యాప్సూల్" అని వదిలేసి ఉంటే జెలటిన్ అనుకోవడమే మంచిది, ఎందుకంటే అది చౌక. హెచ్‌పీఎంసీ తొడుగుకు ఎక్కువ ఖర్చు పెట్టిన కంపెనీ ఆ మాట చెప్పుకోకుండా ఊరుకోదు.

ఆకుపచ్చ చుక్క సంగతి కోర్టుల దాకా వెళ్లిన గొడవే. మందుల మీదా, సౌందర్య సాధనాల మీదా శాకాహారమో మాంసాహారమో గుర్తు ఉండాలని 2002లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, ప్రాణాలు నిలిపే మందులను మాత్రం మినహాయించింది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి బిస్కెట్ ప్యాకెట్‌కు చుక్క తప్పనిసరి, గొట్టం మాత్రకు కాదు.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. విటమిన్ మాత్రలు మన దగ్గర రెండు దారుల్లో అమ్ముడవుతాయి. షీటు మీద "మ్యానుఫ్యాక్చరింగ్ లైసెన్స్ నంబర్" ఉంటే అది మందుల చట్టం కింద తయారైంది, చుక్క ఉండదు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంటే అది చట్టం లెక్కలో ఆహారం, హెల్త్ సప్లిమెంట్. దానికి చుక్క తప్పనిసరి. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి ఇప్పుడు గోధుమ రంగు త్రికోణం. అందుకని షాపులో పక్కపక్కనే ఉన్న రెండు విటమిన్ డబ్బాల్లో ఒకదానికి చుక్క ఉండి, రెండోదానికి లేకపోతే చుక్క లేనిది మాంసాహారమని కాదు. దానికి చుక్క పెట్టే నియమమే లేదు. ఆకుపచ్చ చుక్క దొరికింది కదా అని, డాక్టరు రాసిన 60,000 బదులు 400, 1000 యూనిట్ల సప్లిమెంట్ తీసుకుని వారానికొకటి వేసుకుంటే విటమిన్ పెరగదు. చుక్క చూశాక మోతాదు కూడా చూడండి.

ఇక మీ అత్తగారికి దారి ఏంటంటే, ఇదే 60,000 యూనిట్ల విటమిన్ డి3 గొట్టం మాత్ర కాకుండా ఇంకో మూడు రూపాల్లో దొరుకుతుంది. నీళ్లలోనో పాలలోనో కలుపుకొనే ఒక గ్రాము పొడి పొట్లం, చిన్న సీసాలో 5 మి.లీ. తాగే మందు, నమిలే బిళ్ల. ఫలానాది ఉందా అని అడిగితే మందుల షాపు వాళ్లు ఇస్తారు, కానీ మార్చేముందు డాక్టరుగారికి ఒక్క ఫోన్ చేయండి. మూడింట్లో దేన్ని తీసుకున్నా వారానికి ఒక్కటే. పొడి పొట్లం చూడగానే ఓఆర్ఎస్ లాంటిదే కదా అని రోజూ కలుపుకుని తాగినవాళ్లను మా మందుల షాపులో చూశాను. విటమిన్ డి ఒంట్లో పేరుకుపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, చివరికి కిడ్నీల మీద దెబ్బ పడుతుంది.

పొట్లం కొన్నంత మాత్రాన జెలటిన్ తప్పిపోయిందని మాత్రం అనుకోకండి. విటమిన్ డి నూనెలో కరిగేది, గాలికీ వెలుతురుకూ పాడవుతుంది. దాన్ని పొడిలోనో బిళ్లలోనో పెట్టాలంటే ముందు చిన్న చిన్న పూసలుగా చేసి ఏదో ఒక జిగురుతో కప్పాలి. ఆ జిగురు తుమ్మ బంక కావచ్చు, పిండి పదార్థం కావచ్చు, జెలటిన్ కూడా కావచ్చు. షీటు మీద ఇదేదీ సాధారణంగా రాయరు. "ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్." అని మాత్రం ఉంటుంది. ఎక్సిపియెంట్స్ అంటే మందుతో పాటు కలిపే మందు కాని పదార్థాలు. క్యూ.ఎస్. అంటే తగినంత. మన వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని రాస్తారే, అచ్చంగా అదే. అందుకని మీ అత్తగారిలాంటి పట్టింపు ఉన్నవాళ్లకు నేనైతే తాగే మందునో, నూనె చుక్కల మందునో ముందు చూపిస్తాను. వాటికి పూసల అవసరం ఉండదు. పొడి పొట్లమే కావాలంటే కంపెనీని అడిగి తెలుసుకోవాలి. ఎలా అడగాలో చివర్లో రాస్తాను.

ఇంకో మాట చెప్పకపోతే మళ్లీ ఎవరో ఒకరు చెప్పి ఆవిణ్ణి కంగారు పెడతారు. డి3 అసలు తయారయ్యేది ఎక్కువగా గొర్రె ఉన్నికి అంటుకుని ఉండే లానోలిన్ అనే కొవ్వు నుంచి. ఉన్ని కత్తిరించి, కడిగి, ఆ కొవ్వు తీస్తారు, దానికోసం గొర్రెను చంపరు. శాలువా కప్పుకోవడానికి అభ్యంతరం లేనివాళ్లకు దీనికీ ఉండదని నా ఉద్దేశం, నిర్ణయం మాత్రం ఆవిడదే. అదీ వద్దంటే ఈస్ట్ నుంచి చేసే డి2 ఉంది, ఒక రకం నాచు నుంచి తీసే డి3 కూడా ఉంది. డి2 మోతాదు లెక్క వేరు, డాక్టరే చెప్పాలి. ఆవిడ ఇప్పటికే మింగిన మూడింటి గురించి చెప్పడానికి నేనెవర్ని? కానీ తెలియక వేసుకున్న మందుకు అన్నం మానేస్తే ఎముకలకు ఇంకా నష్టమని మాత్రం చెప్పండి.

"మరి రేపు యాంటీబయాటిక్ గొట్టం మాత్ర రాస్తే?" అని ఆవిడ తప్పకుండా అడుగుతారు. మామూలుగా వాడే మందుల్లో చాలావాటికి బిళ్ల రూపం ఉంది. అమాక్సిసిలిన్‌కు నీళ్లలో కరిగే బిళ్ల, సిరప్ ఉన్నాయి. డాక్సిసైక్లిన్ బిళ్లగానూ దొరుకుతుంది. గ్యాస్‌కు ఒమెప్రజోల్ గొట్టం మాత్ర రాస్తే, దాని చెల్లెలు ప్యాంటోప్రజోల్ బిళ్లగా వస్తుంది. మందు రాసేటప్పుడే "జెలటిన్ వేసుకోరండీ" అని చెబితే డాక్టరుకు అర నిమిషం పని. షాపుకొచ్చాక చెబితే మా చేతుల్లో ఉండేది చాలా తక్కువ, మందు మార్చే హక్కు మాకు లేదు.

తొడుగు విప్పేసి లోపలి పొడి తేనెలో కలిపి వేసుకునేవాళ్లున్నారు. కొన్ని మందులకు ఫరవాలేదు, కొన్నింటికి ప్రమాదం. గొట్టంలో పొడి కాకుండా ఆవగింజల్లాంటి గుళికలు ఉన్నాయంటే ఆ గుళికలకు పైపూత వేసి ఉంటుంది, అది కడుపులోని ఆమ్లం నుంచి మందును కాపాడటానికో, మందు నెమ్మదిగా బయటికి రావడానికో. నమిలినా నూరినా ఆ పూత పోయి మందు పనిచేయదు, లేదా ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది. డాక్సిసైక్లిన్ పొడి అన్నవాహికకు అతుక్కుంటే పుండు పడుతుంది. డాక్టరునో ఫార్మసిస్టునో అడగకుండా తొడుగు విప్పకండి.

షీటు పోయి విడి మాత్ర చేతిలో మిగిలిందనుకోండి, అది జెలటినో కాదో కొంతవరకు ఇంట్లోనే తేలుతుంది. ఖాళీ తొడుగు సగం ముక్కను చల్లటి నీళ్లలో వేయండి. జెలటిన్ అయితే ఉబ్బి, మెత్తబడి, వేలికి జిగురుగా అంటుకుంటుంది గాని కరగదు. హెచ్‌పీఎంసీ అయితే ఆ చల్లటి నీళ్లలోనే మెల్లగా పలచబడి కరుగుతుంది. నీళ్లు నిజంగా చల్లగా ఉండాలి సుమా. జెలటిన్ ముప్ఫై డిగ్రీలు దాటితే కరగడం మొదలుపెడుతుంది. మే నెలలో మధ్యాహ్నం తెనాలి కుళాయి నీళ్లలో వేస్తే రెండూ కరిగిపోయి మీకేమీ తెలియదు, కుండ నీళ్లలో వేయండి. ఇంకో ఆనవాలు వాసన. తొడుగు చిన్న ముక్క కాలిస్తే జెలటిన్ వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, సెల్యులోజ్ కాగితం కాలిన వాసన. రంగును బట్టి, మెరుపును బట్టి మాత్రం చెప్పలేం. అద్దంలా ఉన్న తొడుగు జెలటిన్‌దీ కావచ్చు, రెండోదీ కావచ్చు.

బిళ్లలు పూర్తిగా శాకాహారమా అంటే, ఇక్కడ ఎక్కడో ఒకచోట గీత గీసుకోవాలి. బిళ్ల అచ్చుకు అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ మొక్కల నూనె నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. ఎర్ర పూతలో కార్మైన్ ఉంటే అది కొచినీల్ అనే పురుగుల నుంచి తీసిన రంగు. షెల్లాక్ పూత అంటే లక్క, హైదరాబాద్ లక్క గాజులకు వాడేదే, అదీ పురుగులు స్రవించేదే. వీటన్నిటినీ వెతుక్కుంటూ పోతే ఆవిడ బీపీ బిళ్ల కూడా మానేస్తారు, అది నాకు భయం. జెలటిన్ తొడుగు, ఎర్ర పూత ఉంటే కార్మైన్, ఈ రెండూ చూసుకుంటే ఇంట్లో రోజూ వాడే మందులకు సరిపోతుందని నా అభిప్రాయం. అసలు మందే జంతువు నుంచి వచ్చేవి కొన్ని ఉన్నాయి. హెపారిన్ ఇంజెక్షన్ పంది పేగుల నుంచి, అరుగుదలకిచ్చే ప్యాంక్రియాటిన్ పంది క్లోమం నుంచి తీస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు హెపారిన్ గురించి వాదించే సమయం ఉండదు, కాబట్టి ఆవిడ అభిప్రాయం ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో మాట్లాడుకుని పెట్టుకోండి.

ఇక మీ సంగతి. పాలు పడకపోవడం అంటే పాలు తాగితే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలేనా? అయితే థైరాయిడ్ బిళ్ల గురించి దిగులు పెట్టుకోకండి. ఒక గ్లాసు, అంటే పావు లీటరు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. లాక్టోజ్ అరగని వాళ్లలో కూడా చాలామంది ఒకేసారి అంతవరకు పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. మీ బిళ్ల మొత్తం బరువు 150 మిల్లీగ్రాములు అనుకుందాం. అందులో ఒక్క చుక్క మందు కూడా లేకుండా అంతా లాక్టోజే అనుకున్నా, ఒక గ్లాసు పాలకు సమానం కావాలంటే ఎనభై బిళ్లలు మింగాలి. ఆ బిళ్ల మానేస్తే వచ్చే నష్టం మాత్రం నిజమైనది, పది రోజులు మానేసి టీఎస్‌హెచ్ పెరిగాక వచ్చి నిలబడేవాళ్లను నెలకొకరినైనా చూస్తాను.

అలా కాకుండా పాలు తాగగానే పెదాలు వాయడం, దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం వస్తే అది వేరే జబ్బు. అది పాలలోని చక్కెర అరగకపోవడం కాదు, పాలలోని ప్రొటీన్‌కు ఎలర్జీ. మందులకు వాడే లాక్టోజ్ పాల నుంచే తీస్తారు కాబట్టి అందులో ఆ ప్రొటీన్ జాడలు మిగలొచ్చు. మింగే బిళ్లలో అంత తక్కువ జాడ చాలామందికి ఏమీ చేయదు. పీల్చే మందులో మాత్రం జాగ్రత్త పడాలి. ఉదాహరణకు, ఆస్తమా వాళ్లు పరికరంలో పెట్టి పీల్చే రోటాక్యాప్ సంగతి చూడండి. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటే, దాన్ని మోసే లాక్టోజ్ పొడి సుమారు 25 మిల్లీగ్రాములు. అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పాల ప్రొటీన్ ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లు వాడకూడదని ఇలాంటి కొన్ని పొడి ఇన్‌హేలర్ల మీద అమెరికాలో స్పష్టంగా రాసి ఉంటుంది. అలాంటివాళ్లు డాక్టరుతో మాట్లాడి, గ్యాస్‌తో స్ప్రే అయ్యే మామూలు ఇన్‌హేలర్‌కు మారొచ్చు, అందులో లాక్టోజ్ ఉండదు. మాట్లాడకుండా మాత్రం ఆస్తమా మందు ఆపకూడదు. అన్నట్టు రోటాక్యాప్ తొడుగు మింగరు, పొడి పీల్చాక పారేస్తారు. అది జెలటిన్ అయినా మీ అత్తగారిలాంటివాళ్లు తిన్నట్టు కాదు.

మీ అక్క కొడుకు విషయంలో వెతకాల్సిన మాట "స్టార్చ్". దాని ముందు మెయిజ్, కార్న్ అని ఉంటే మొక్కజొన్న, పొటాటో అంటే బంగాళాదుంప, రెండూ సీలియాక్ వాళ్లకు సరే. వీట్ స్టార్చ్ అని ఉంటేనో, ఏదో చెప్పకుండా ఉత్త స్టార్చ్ అని ఉంటేనో అడగాలి. బిళ్లల్లో ఎక్కువగా వాడేది మొక్కజొన్న పిండే. ఒకవేళ గోధుమ పిండే వాడినా ఒక్కో బిళ్లలో గ్లూటెన్ అర మిల్లీగ్రాము దాటదని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో అంచనా వేసింది. 30 గ్రాముల పిండితో చేసిన ఒక్క చపాతీలో దాదాపు మూడు గ్రాములు ఉంటుంది, అంటే ఆరువేల రెట్లు. సీలియాక్ ఉన్న చాలామందికి రోజుకు పది మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్‌తో పేగులు పాడవ్వవని లెక్క. ఒకటీ రెండూ బిళ్లలతో ఆ హద్దు రాదు.

అలాంటి పిల్లల ఇళ్లలో నాకు దొరికిన దొంగలు మందుల పెట్టెలో కాదు, వంటింట్లో. చేదు మందు పట్టించడానికి పాలలో కలిపే మాల్ట్ పొడి బార్లీతో చేసింది, బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుంది. ఇంకొకటి ఇంగువ. మనం కొనే ఇంగువ డబ్బా మీద చదవండి, చాలావాటిలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది బంక, మైదా. పప్పులో, చారులో, పచ్చడిలో రోజూ పడుతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా ఉంది, అది చూసి కొనమనండి. పిల్లాడిది సీలియాక్ కాకుండా గోధుమకు ఎలర్జీ, అంటే తిన్న వెంటనే దద్దుర్లు, ఆయాసం అయితే ఈ లెక్కలేవీ పనికిరావు. అప్పుడు వీట్ స్టార్చ్ ఉన్న బిళ్లకు దూరంగా ఉండాల్సిందే.

మీ తమ్ముడి మాట దగ్గర నేను ఆగిపోయాను. రంగు మీద అనుమానం తప్పు కాదు. టార్ట్రజీన్ అనే పసుపు రంగు కొద్దిమందిలో దద్దుర్లు, ఆస్తమా తెస్తుంది, ముఖ్యంగా ఆస్పిరిన్ పడనివాళ్లలో. ఆ మాట మందుల మీద రాయాలని అమెరికాలో నియమమే ఉంది. కానీ అతను వేసుకున్నది నొప్పి బిళ్ల. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్, ఇవన్నీ ఒక కుటుంబం, దద్దుర్లకు ఆ కుటుంబం స్వయంగా పేరుమోసింది. ఒకటి పడకపోతే మిగతావీ పడకపోవచ్చు. ఇప్పుడు అతను "రంగు వల్లే" అనుకుని ఈసారి తెల్ల నొప్పి బిళ్ల కొనుక్కుంటే, మందు అదే కుటుంబానిది కావచ్చు, ఈసారి దద్దుర్లతో ఆగకపోవచ్చు.

ఇలా చేయండి. ఆ షీటు ఇంకా ఉంటే రెండు వైపులా ఫోటో తీయండి. మందుల్లో వేసిన రంగు పేరు షీటు మీద రాయాలని మన నియమం. "కలర్" అన్న మాట పక్కన చూడండి. టార్ట్రజీన్ అని ఉందా, సన్‌సెట్ ఎల్లో, క్వినోలిన్ ఎల్లో, ఐరన్ ఆక్సైడ్ ఎల్లో అని ఉందా? ఐరన్ ఆక్సైడ్ అంటే తుప్పు లాంటి ఖనిజం, దానికి ఎలర్జీ చాలా అరుదు. అది ఉంటే అనుమానం మందు మీదికి తిప్పండి. టార్ట్రజీనే ఉంటే, అదే రంగు ఉన్న మిఠాయిలు, శీతల పానీయాలు ఇంతకుముందు తాగితే ఏమైనా అయిందా అని గుర్తు చేసుకోమనండి. దానికే విదేశీ ప్యాకెట్ల మీద ఇ 102 అని, ఎల్లో 5 అని పేర్లు. పసుపు జిలేబీలు పదేళ్లుగా తింటూ ఏమీ కాకపోతే రంగు నిర్దోషి అయ్యే అవకాశమే ఎక్కువ. ఈ వివరాలన్నీ తీసుకుని ఎలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మళ్లీ ఒకటి వేసుకుని చూద్దాం అని ఇంట్లో పరీక్షలు పెట్టకూడదు. ఈలోగా జ్వరానికో నొప్పికో ఏం వేసుకోవచ్చో కూడా ఆ డాక్టరునే అడగాలి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయడమే.

రంగు అని తేలినా గొట్టం మాత్రలతో ఒక చిక్కుంది. "అప్రూవ్డ్ కలర్స్ యూజ్డ్ ఇన్ క్యాప్సూల్ షెల్స్" అని ఒక్క వాక్యం రాసి ఏ రంగో చెప్పకుండా వదిలేసేవి చాలా ఉంటాయి. అలాంటప్పుడు రంగు పూత లేని తెల్ల బిళ్ల రూపం వెతకడం సులువు. అమెరికాలో థైరాయిడ్ బిళ్లలకు మోతాదును బట్టి ఒక్కో రంగు వేస్తారు, 50 మైక్రోగ్రాములది మాత్రం తెల్లగా వదిలేస్తారు. రంగు పడనివాళ్లకు అక్కడి డాక్టర్లు 100 బదులు రెండు తెల్ల 50లు రాస్తారు. ఈ ఉపాయం ఇక్కడ కూడా చాలా మందులకు పనిచేస్తుంది, లెక్క డాక్టరు వేయాలి.

వేరుశనగ, సోయా పడనివాళ్లకు ఒక్క మాట. మెత్తటి గొట్టం మాత్రల్లో మందు సాధారణంగా నూనెలో ఉంటుంది. కొన్ని ప్రొజెస్టరోన్ మాత్రల్లో వేరుశనగ నూనె, కొన్ని ఐసోట్రెటినోయిన్ మాత్రల్లో సోయా నూనె వాడతారు. షీటు మీద అరాకిస్ ఆయిల్ అని ఉంటే అది వేరుశనగ నూనే.

ఒక బ్రాండు బాగుందని తేల్చుకున్నాక దాన్ని వదలకండి. మా షాపులో ఒకావిడకు పసుపు రంగు పడదని తెలిసీ, ఆమె బ్రాండు అయిపోయిందని మా కుర్రాడు అదే మందు వేరే కంపెనీది ఇచ్చాడు. మందు పేరు ఒకటే, పూత వేరు. సాయంత్రానికి చేతులంతా దద్దుర్లతో వచ్చింది. తప్పు నాది, బిల్లు మీద నేను చూడాల్సింది. అప్పటి నుంచి అలాంటివాళ్ల పేరు పక్కన "బ్రాండు మార్చవద్దు" అని రాసి పెడుతున్నాను. మీ షాపు వాళ్ల చేత కూడా రాయించండి.

అమెరికాలో బంధువులుంటే వాళ్లకు పని తేలిక, dailymed.nlm.nih.gov లో మందు పేరు కొడితే Inactive Ingredients కింద అన్నీ కనిపిస్తాయి. అయితే అక్కడ చూసి ఇక్కడ కొనకండి. ఒకే కంపెనీ అక్కడ ఒక కలయికతో, ఇక్కడ ఇంకో కలయికతో చేస్తుంది.

మన దగ్గర దారి కంపెనీని అడగడమే. షీటు మీదో డబ్బా మీదో కస్టమర్ కేర్ నంబరు, మెయిల్ ఉంటాయి. ఫోన్‌లో అడిగితే "వెజిటేరియనే మేడమ్" అని గబగబా చెప్పి పెట్టేస్తారు. మెయిల్ పెట్టండి, అందులో బ్యాచ్ నంబరు తప్పకుండా రాయండి, అప్పుడే అది నాణ్యత విభాగం దాకా వెళ్తుంది. మీ అత్తగారి పొడి పొట్లం కోసమైతే ఇంత రాస్తే చాలు:

"మీ విటమిన్ డి3 60,000 పొడి, బ్యాచ్ నంబర్ ఫలానా. ఇందులో వాడిన డి3 పొడిలో జెలటిన్ ఉందా? ఉంటే ఏ జంతువుది? డి3 దేని నుంచి తయారైంది? రాతపూర్వకంగా తెలపగలరు."

"వెజిటేరియనా?" అని మాత్రం అడగకండి, ఆ మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. వారం పదిరోజుల్లో జవాబు రాకపోతే తాగే మందుకు మారిపోండి. ఈలోగా డాక్టరుగారికి ఫోన్ చేసి, ఎనిమిదిలో మూడే పడ్డాయని, మధ్యలో ఎన్ని వారాలు ఆగిందో చెప్పండి. మిగిలిన ఐదూ ఎలా పూర్తి చేయాలో ఆయన చెబుతారు.